హనుమకొండల క్యాప్షన్లు రాయించుకునేటోళ్లు జర పైలం

కోపం ఇంకా దిగలే, అందుకే సీదా రాస్తున్న. మన ట్రైసిటీల సగం పేజీలకు పోస్టులు పెట్టే ఆ తమ్ముడు మీకు తెలుసు, పేరు నేను చెప్ప. చేర్యాల నకాషి బొమ్మల వర్క్‌షాప్ ప్రకటన పేజీన్నర ఉండె. దాన్ని ఇన్‌స్టా క్యాప్షన్‌గ చిన్నగ చేసియ్యమని ఇచ్చిన, పేజీ లాగిన్ కూడా ఇచ్చిన. పైసలు ముందే కొట్టిన, మనం మస్తు తెలివిగలోళ్లం కదా! "డ్రాఫ్ట్ పంపుత అన్నా" అన్నడు. పంపలే. సీదా పోస్ట్ చేసేసిండు.

మా ప్రకటనల రెండు తేదీలు ఉన్నయి. పేరు నమోదుకు ఆఖరు నవంబర్ 12, బుధవారం. వర్క్‌షాప్ నవంబర్ 16, ఆదివారం, పొద్దున 10 గంటలకు. మొదటి పేరాల నమోదు గడువు, నాలుగో పేరాల కార్యక్రమం తేదీ. ఈయన మొదట కనబడ్డ తేదీ పట్టుకున్నడు, దానికి 10 గంటలు అతికించిండు. అయిపాయె, "నవంబర్ 12, ఉదయం 10"! పక్కన వారం పేరు రాసినా ఎవరికన్న అనుమానం వచ్చేది, బుధవారం పిల్లలకు బడి ఉంటది కదా అని. అదీ కోసేసిండు.

జాగ ఏమో "వేదిక: వరంగల్". మా హాలు హనుమకొండ నక్కలగుట్టల. జనగామ నుంచి రైల్ల వచ్చేటాయన కాజీపేటల దిగితే దగ్గర, ఈ క్యాప్షన్ నమ్మి వరంగల్ స్టేషన్ దాకా పోతే మళ్లీ వెనక్కి రావాలె. ఇగ రిజిస్ట్రేషన్‌ది ఇంకో కథ. గూగుల్ ఫారం లింకు అంత పొడుగుది క్యాప్షన్‌ల అతికించిండు. క్యాప్షన్‌ల లింకు నొక్కితే తెరుచుకోదని ఇన్‌స్టా వాడే పిల్లగాండ్లకు కూడా ఎరుకే. అది బయోల ఉండాలె, లేకుంటే స్టోరీల లింక్ స్టిక్కర్ పెట్టాలె.

మరి ఏం ఉంచిండంటే, "కళాప్రియులారా, సిద్ధమేనా?" అని ఒక లైను, నాలుగు ఎమోజీలు, ఆ వెనక చింతగింజల జిగురుతోని పటం గుడ్డ ఎట్ల తయారు చేస్తరో మొత్తం వాక్యం. ఫీడ్‌ల more నొక్కకముందు కనబడేది సుమారు 125 అక్షరాలు. అవన్నీ ఎమోజీలకు, జిగురుకే పోయినయి.

బుధవారం పొద్దున పరకాల నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఇద్దరు పిల్లలను తీసుకొని బస్సుల వచ్చి, ఊరంత అడుక్కుంట మా హాలు దాకా వచ్చింది. "తమ్మీ, తాళం వేసి ఉంది, ఇంక తెరువలేదా?" అన్నది. ఏం చెప్పాలె? వెనుక నుంచి పిల్ల "రంగులు ఇయ్యరా అమ్మా" అంటున్నది, నాకు ఇనబడుతనే ఉంది.

వెంటనే ఆయనకు ఫోన్ కొట్టిన. ఆయనన్న మాట యథాతథంగ రాస్తున్న: "అన్నా, చిన్నగ చేయమన్నరు, చేసిన. తేదీలు చూసుకునుడు మీ పని." ఎడిట్ చెయ్యమంటే నవ్విండు. "రివిజన్‌కు వేరే చార్జి ఉంటది, మెసేజ్ పెట్టిన చూడుండ్రి." చూసిన, నిజంగనే పెట్టిండు! ఇంకోసారి చేస్తే ఎత్తలే, బ్లాక్ చేసిండు.

క్యాప్షన్ నేనే ఎడిట్ చేసిన, అది అయితది. కాని ఆయన పెట్టిన స్టోరీ బొమ్మ మీద 12 అనే ఉంది. స్టోరీ బొమ్మను మార్చరాదు, తీసేసి కొత్తది పెట్టుడే. అప్పటికే దాని స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్నది, దాన్ని ఎవలు ఆపుతరు? గడువు కూడా శుక్రవారం దాకా పెంచక తప్పలే.

ఇప్పుడు పేజీ మీద ఉన్నది ఇది:

"చేర్యాల నకాషి బొమ్మల వర్క్‌షాప్. నవంబర్ 16, ఆదివారం, ఉదయం 10. నక్కలగుట్ట, హనుమకొండ.
పేర్ల నమోదు నవంబర్ 14, శుక్రవారం రాత్రి వరకు, లింక్ బయోలో. ఫీజు 300, 40 మందికే. అప్పటికప్పుడు నమోదు లేదు."

మొదటి లైను more నొక్కకుండనే కనబడుతది. హాలు పేరు, దారి బొమ్మ మీద ఉన్నయి. జిగురు కథ రెండో పోస్టుకు పోయింది.

ఎవలకన్న ఇచ్చేముందు తేదీ, జాగ, నమోదు ఈ మూడు లైన్లు మీరే రాసి "ఇవి ముట్టకు, మిగతాది కొయ్యి" అని చెప్పుండ్రి. రెండు తేదీలుంటే ఏది దేనిదో పక్కన్నే రాయుండ్రి. లాగిన్ ఇయ్యకుండ్రి, క్యాప్షన్ మెసేజ్‌ల తెప్పిచ్చుకొని మీరే పెట్టుకోండ్రి. పరకాల అక్కకు బస్సు చార్జీలు నేనే పంపిన. ఆ తమ్మునికి బిల్లు పంపుదామంటే బ్లాకాయె!