నిండినా మోటార్ ఆపని వాటర్ లెవల్ కంట్రోలర్: కొన్నేళ్ల వాడకం తరువాత

ఒంగోలులో మా మిద్దె మీది ట్యాంకుకు ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించి కొన్నేళ్లయింది. మా బోరులో ఉప్పునీళ్లు పడతాయి, మోటార్ 1 హెచ్.పి. సబ్‌మెర్సిబుల్. ఇన్నాళ్లలో ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటార్ ఆగని పరిస్థితి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ లక్షణం ఒకటే కానీ కారణాలు వేరు.

ట్యాంకులో వేలాడే మూడు ప్రోబ్‌లలో కామన్ అడుగున, హై పైన ఉంటాయి. నీరు ఆ రెండింటినీ కలిపినప్పుడే బోర్డుకు ట్యాంకు నిండిన సంగతి తెలుస్తుంది. కనుక పై ప్రోబ్‌ తీగ ఎక్కడ తెగినా, ప్రోబ్‌ మీద పెచ్చు కట్టినా, ఇంకా నిండలేదనే లెక్కతో మోటార్ తిరుగుతూనే ఉంటుంది. ఈ రకం పరికరంలో నాకు నచ్చని సంగతి ఇదే.

లోపం ఎక్కడుందో తేల్చాలంటే ముందుగా మెయిన్ ఆపి, బోర్డు దగ్గర కామన్, హై టెర్మినళ్లను చిన్న తీగతో కలిపి, మళ్లీ కరెంటు ఇచ్చి మోటార్ నడిపించాలి. కొన్ని చౌక బోర్డులలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కాబట్టి ప్రోబ్‌ తీగలలో కూడా 230 వోల్టుల ప్రమాదం ఉండవచ్చు. కరెంటు ఉండగా వాటిని ముట్టుకోకూడదు.

మొదటిసారి ఇలా కలిపి నడిపిస్తే మోటార్ వెంటనే ఆగింది, అంటే బోర్డు, దాని మీద మోటార్‌ను ఆన్ ఆఫ్ చేసే రిలే రెండూ బాగున్నాయి. మెయిన్ ఆపి, కింద ఆ తీగలను బోర్డు నుంచి విప్పి, మిద్దె మీద ప్రోబ్‌ల దగ్గర రెండు కొసలనూ కలిపి, కింద మల్టీమీటర్ పెట్టి చూస్తే కొన్ని ఓములు చూపాల్సింది, ఏమీ చూపలేదు. ట్యాంకు మూత కింద టేపు చుట్టిన అతుకు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి పొడిగా రాలింది. అతుకును మూత బయటికి మార్చి, టంకం వేసి స్లీవ్ తొడిగాక ఆ బాధ తీరింది.

రెండోసారి టెర్మినళ్లు కలిపితే ఫుల్ లైటు వెలిగింది, రిలే టిక్కుమన్న శబ్దమూ వినిపించింది, అయినా మోటార్ ఆగలేదు. కంట్రోలర్‌ను దాటవేసే మాన్యువల్ స్విచ్ ఆన్‌లో ఉన్నా ఇలాగే జరుగుతుంది, అది ఆఫ్‌లోనే ఉంది. మెయిన్ ఆపి, మోటార్ తీగ విప్పి, రిలే కాంటాక్టుల మధ్య మీటర్ పెడితే బీప్ వచ్చింది: కాంటాక్టులు అతుక్కుపోయాయి. రిలే మీద 30 ఆంపియర్లని రాసి ఉన్నా అది హీటర్ వంటి లోడుకు చెప్పే లెక్క; మోటార్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. తట్టితే ఒక్కోసారి విడిపోతుంది గానీ దాన్ని నమ్మడానికి లేదు.

రిలే మార్చి, మోటార్‌కు విడిగా కాంటాక్టర్ అనే పెద్ద విద్యుత్ స్విచ్ పెట్టించాను. ఇప్పుడు రిలే దాని కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది. ఈ ఏర్పాటు మొదట్లోనే ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుదే. ఉప్పునీళ్ల ఊళ్లలో ఈ పరికరం కొనేవారు కాంటాక్టర్ ఖర్చు కూడా కలుపుకునే ధర చూసుకోవాలి, మూడు నాలుగు నెలలకోసారి ప్రోబ్‌ల మీది తెల్లటి పెచ్చు గీకించాలి.