సెట్‌టాప్ బాక్స్ ఉన్న ఇంట్లో మాటతో టీవీ నడపడానికి ఏది మేలు: టీవీ యాప్, స్టిక్, ఐఆర్ హబ్?

స్మార్ట్ స్పీకర్ కొన్నవాళ్లు ముందు టీవీని ఆన్ చేయించి చూస్తారు, ఆన్ అవుతుంది. వాల్యూమ్ పెంచమంటే పెరుగుతుంది. చానల్ మార్చమన్నప్పుడే అసలు తేడా బయటపడుతుంది. మా తిరుపతిలో చాలా ఇళ్లలో టీవీ ఎంత కొత్తదైనా చానళ్లు మాత్రం డీటీహెచ్ లేదా కేబుల్ బాక్స్ నుంచే వస్తాయి. అంటే చానల్ మార్చేది టీవీ కాదు, దాని కింద ఉన్న బాక్స్. ఏది కొనాలన్నా ముందు ఈ సంగతి చూసుకోవాలి.

బైరాగిపట్టెడలో మా అవ్వ ఉండే ఇంటినే తీసుకుందాం. బాక్స్ హెచ్‌డీఎంఐ 1లో, స్ట్రీమింగ్ స్టిక్ హెచ్‌డీఎంఐ 2లో ఉన్నాయి. అవ్వకు చేతివేళ్లు సరిగా వంగవు, రిమోట్ మీద అంకెలు కనిపించవు. ఆమెకు కావాల్సింది తెల్లవారుజామున ఎస్వీబీసీలో సుప్రభాతం, మధ్యాహ్నం కల్యాణోత్సవం, సాయంత్రం సీరియళ్లు.

మొదటి దారి టీవీ కంపెనీ యాప్. శాంసంగ్ అయితే `SmartThings`, ఎల్‌జీ అయితే `ThinQ`. ఆ ఖాతాను స్పీకర్ యాప్‌లో కలిపితే చాలు, కొత్త వస్తువేమీ కొనక్కర్లేదు. వాల్యూమ్ విషయంలో ఇదే అన్నిటికన్నా మెరుగు. వాల్యూమ్ ఇప్పుడు ఎంత ఉందో టీవీయే చెప్పగలదు కాబట్టి ‘వాల్యూమ్ 15’ అంటే నేరుగా 15 మీదకు వస్తుంది. ఇన్‌పుట్ కూడా పేరు చెబితే మారుతుంది. చానల్ దగ్గరే ఆగిపోతుంది. ‘చానల్ మార్చు’ అన్న మాట టీవీ లోపలి ట్యూనర్‌కు వెళ్తుంది తప్ప బాక్స్‌కు చేరదు. ఆపేసిన టీవీ మాటతో ఆన్ కాకపోతే అది నెట్‌వర్క్ నుంచి పూర్తిగా తెగిపోయి నిద్రపోతోందని అర్థం. ఎల్‌జీలో `Quick Start+` లాంటి సెట్టింగ్ ఆన్‌లో ఉంచాలి.

రెండో దారి స్టిక్. ఇది హెచ్‌డీఎంఐ తీగలోనే ఉండే సీఈసీ అనే ఏర్పాటుతో టీవీతో మాట్లాడుతుంది. టీవీ మెనూలో దాని పేరు కంపెనీని బట్టి మారుతుంది: శాంసంగ్‌లో `Anynet+`, ఎల్‌జీలో `Simplink`, సోనీలో `Bravia Sync`. దాన్ని ఆన్ చేస్తే స్టిక్‌తో టీవీని లేపవచ్చు, వాల్యూమ్ పెంచవచ్చు, తగ్గించవచ్చు. స్టిక్‌లో ఏదైనా పెట్టమంటే టీవీ దానంతట అదే హెచ్‌డీఎంఐ 2కి వస్తుంది. తిరిగి బాక్స్ ఉన్న ఇన్‌పుట్‌కి పంపడం మాత్రం అన్ని టీవీల్లో ఒకేలా పనిచేయదు. బాక్స్‌లో చానల్ మార్చడం దీనికీ చేతకాదు. ఎస్వీబీసీ యూట్యూబ్‌లోనూ వస్తుంది కనుక, ఇంట్లో చూసేదంతా యాప్‌లలోనే అయితే స్టిక్ సరిపోతుంది. అలాంటి ఇంటికి నేను ఇంకేదీ కొనమని చెప్పను. ఒక్క జాగ్రత్త: స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. చాలా టీవీలు ఆపేయగానే ఆ పోర్టుకూ కరెంటు ఆపేస్తాయి. అప్పుడు స్టిక్ కూడా ఆగిపోతుంది, ఇక టీవీని లేపడానికి ఏదీ మిగలదు. గోడ ప్లగ్‌కు అడాప్టర్ పెట్టండి.

మూడోది ఐఆర్ హబ్. అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా, రిమోట్ పంపే కనిపించని కాంతినే ఇదీ పంపుతుంది. స్పీకర్ నుంచి మాట వైఫై మీదుగా హబ్‌కు వస్తుంది, హబ్ బాక్స్ వైపు సిగ్నల్ విసురుతుంది. చానల్ మార్చగలిగేది ఈ మూడింటిలో ఇదొక్కటే. అందుకే అవ్వ ఇంటికి నేను ఎంచుకున్నది ఇదే.

అయితే దీని బలహీనత కూడా పంపే పద్ధతిలోనే ఉంది. సిగ్నల్ పంపుతుందే గానీ అది చేరిందో లేదో, టీవీ ఇప్పుడు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో దానికి తెలియదు. ‘వాల్యూమ్ 15’ అంటే కుదరదు, ‘ఐదు పెంచు’ అంటే బటన్ ఐదుసార్లు నొక్కినట్టు చేస్తుంది. పవర్ దగ్గర ఇంకా చిక్కు. చాలా రిమోట్లలో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే బటన్. ఒకే మాటతో టీవీనీ బాక్స్‌నూ కలిపి ఆన్ చేసేలా పెట్టుకున్నారనుకోండి. కరెంటు పోయి వచ్చాక బాక్స్ తనంతట తాను లేచి, టీవీ స్టాండ్‌బైలోనే ఉండిపోవచ్చు. అప్పుడు ‘టీవీ ఆన్’ అంటే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. తెర మీద ‘నో సిగ్నల్’. మళ్లీ అదే మాట అంటే రెండూ తారుమారవుతాయి, పెద్దవాళ్లకు టెన్షన్. అందుకే బాక్స్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేసి, మాటతో టీవీకి మాత్రమే పవర్ పంపేలా పెట్టాను.

చానల్ నంబర్ పంపడంలోనూ ఒక సూక్ష్మం ఉంది. 123 నొక్కాలంటే హబ్ 1, 2, 3 విడివిడిగా పంపుతుంది. అంకెల మధ్య ఆలస్యమైతే బాక్స్ 12తోనే ఆగి ఆ చానల్‌కు వెళ్లిపోతుంది, తర్వాత 3 వేరే చానల్ అవుతుంది. తెర మూలన అంకెలు ఎలా పడుతున్నాయో చూస్తే ఇది తెలిసిపోతుంది. మూడు అంకెలనూ హబ్ యాప్‌లో ఒకే సీన్‌గా, అంటే ఒక్క మాటతో వరుసగా నడిచే పనుల జాబితాగా చేసి, మధ్యలో అర సెకను విరామం పెడితే కుదురుతుంది. టీవీ ఆఫ్‌లో ఉన్నప్పుడు వాడటానికి అవ్వ కోసం చేసిన సీన్ ఇలా సాగుతుంది: టీవీ పవర్, టీవీ మేల్కొనడానికి పది సెకన్ల ఆగుదల, ఆ తర్వాత ఎస్వీబీసీ నంబర్ అంకెలు. టీవీ చివరిసారి వాడిన ఇన్‌పుట్‌తోనే తెరుచుకుంటుంది కనుక, బాక్స్ మీద ఆపితే బాక్స్ మీదే మొదలవుతుంది.

ఈ సీన్‌ను స్పీకర్ యాప్‌లో ఒక రొటీన్‌కు తగిలించి, పిలిచే మాటగా `temple channel` అని టైప్ చేశాను. మా స్పీకర్‌కు తెలుగు రాదు, ఇంగ్లిష్ లేదా హిందీ మాటలే కావాలి. అవ్వ ‘టెంపుల్ చానల్’ అనడం ఒక్క పూటలో నేర్చుకుంది. వాల్యూమ్‌కు మాత్రం ‘టీవీ’ అన్న మాట చేర్చాలని పదేపదే చెప్పాల్సి వచ్చింది, లేకపోతే స్పీకర్ తన గొంతే పెంచుకుంటుంది. స్పీకర్‌ను టీవీ పక్కన పెట్టకుండా అవ్వ మంచం దగ్గర పెట్టడం కూడా కలిసొచ్చింది, సీరియల్ మోతలో ఆమె మాట మునిగిపోవడం లేదు.

హబ్ కొనేముందు మీ బాక్స్ రిమోట్‌ను పరీక్షించండి. రిమోట్ ముందు భాగాన్ని అరచేత్తో పూర్తిగా మూసి చానల్ మార్చండి. అప్పుడూ మారితే అది బ్లూటూత్ రిమోట్, కొన్ని ఆండ్రాయిడ్ బాక్స్‌లకు అవే వస్తాయి. దాన్ని నేర్చుకోవడం ఐఆర్ హబ్‌కు చేతకాదు. మారకపోతే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ నొక్కి చూడండి, ఊదారంగు వెలుగు మిణుకుమంటే హబ్ పనికొస్తుంది. హబ్ సిగ్నల్ పంపుతోందా అన్న అనుమానం వచ్చినా ఇదే పరీక్ష. సెటప్‌లో హబ్ వైఫైకి కలవకపోతే ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉందేమో చూడండి, ఈ హబ్‌లు ఎక్కువగా 2.4 మీదే పనిచేస్తాయి. బ్లూటూత్ రిమోట్ అని తేలితే హబ్ ఆలోచన మానుకుని, స్టిక్‌లో ఎస్వీబీసీని యూట్యూబ్‌లో పెట్టించుకోవడమే నయం.