ట్యూషన్ హాల్లో లైవ్ లిజెన్: రెండేళ్లకు పైగా వాడాక

ఇంట్లో తొమ్మిది, పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్తాను. నా రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గింది, సన్నటి శబ్దాలు మరీ ఎక్కువగా పోయాయి. ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్ల మాట చాలావరకు అర్థమవుతుంది. వెనక వరసలో కూర్చుని నోట్‌బుక్‌లోకి చూస్తూ గొణిగే పిల్లల మాట మాత్రం అందదు. త్రికోణమితి మొదలెట్టామంటే నాకు టెన్షనే. కాస్ తీటా అన్నారో కాట్ తీటా అన్నారో చివరి హల్లు వినపడితేనే తెలుస్తుంది, నాకు వినపడనిది సరిగ్గా అదే. పైన తిరిగే రెండు ఫ్యాన్ల హోరు అదనం.

ఆపిల్ వాళ్ల ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ ప్రో కొన్నది అసలు కాన్వర్సేషన్ బూస్ట్ కోసం. ఎదురుగా ఉన్న మనిషి గొంతు మీద ఇయర్‌బడ్స్ మైకులు దృష్టి పెట్టి, పక్కల నుంచి వచ్చే గోలను తగ్గిస్తాయి. ఇది ప్రో రకంలోనే ఉంది. సెట్టింగ్స్‌లో Accessibility కింద Headphone Accommodations లోపల, బయటి శబ్దాన్ని చెవిలోకి రానిచ్చే ట్రాన్స్‌పరెన్సీ భాగంలో దొరుకుతుంది. అదే చోట Ambient Noise Reduction అనే గీత కూడా ఉంటుంది, ఫ్యాన్లున్న గదిలో దాన్ని కొంచెం పెంచుకుంటే హాయిగా ఉంటుంది. ఫీజు గురించో పిల్లల చదువు గురించో మాట్లాడటానికి వచ్చిన తల్లిదండ్రుల దగ్గర నాకు చాలా బాగా పనికొచ్చింది. కొత్తలో తెలిసిన ప్రతి టీచరుకీ ఇదొక్కటి చాలు అని చెప్పాను. క్లాసులో మాత్రం చాలదు. నేను బోర్డు వైపు తిరిగి రాస్తుంటాను, డౌట్ వెనక నుంచి వస్తుంది. అది ముందువైపుకే పనిచేస్తుంది కాబట్టి, ఎవరు అడిగారో వెతికి అటు తిరిగేలోపు సగం ప్రశ్న అయిపోతుంది. పైగా మైకు నా చెవి దగ్గరే ఉంది, పిల్లవాడు దూరంగా ఉన్నాడు.

నాకు నిజంగా మేలు చేసింది లైవ్ లిజెన్. ఐఫోన్‌తో కలిసే వినికిడి యంత్రాల కోసం మొదట వచ్చిన ఈ సదుపాయాన్ని 2018లో ఐఓఎస్ 12తో ఎయిర్‌పాడ్స్‌కి కూడా ఇచ్చారు. కంట్రోల్ సెంటర్‌లో చెవి బొమ్మ పెట్టుకుని, దాన్ని నొక్కి Live Listen ఆన్ చేస్తే ఫోన్ మైకులో పడ్డ మాట చెవిలోకి వస్తుంది. చాలామంది ఫోన్‌ని తమ ముందే బల్ల మీద పెట్టుకుని, పెద్ద తేడా లేదంటారు. తేడా ఉండదు మరి, మైకు మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్లాలి కదా. నేను ఫోన్‌ని పిల్లల చేతికే ఇచ్చేశాను. డౌట్ ఉన్నవాళ్లు, సమాధానం చెప్పేవాళ్లు మీటింగులో మైకు అందుకున్నట్టు దాన్ని అందుకుంటారు.

చివరి వరస నాకు 16 అడుగుల దూరం. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు బలం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫోన్ నోటికి అర అడుగులో ఉంటే, అక్కడి నుంచి నా దాకా అయిదుసార్లు రెట్టింపు, అంటే ఆరుబయట లెక్కన 30 డెసిబెల్స్ తేడా. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా కలుస్తుంది కాబట్టి తేడా అంత ఉండదు, కానీ అసలు విషయం వేరే. ఫ్యాన్ హోరు ఫోన్ దగ్గరా నా దగ్గరా దాదాపు ఒకటే, పిల్లవాడి గొంతు మాత్రం ఫోన్ దగ్గర ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. నా చెవికి కావాల్సింది హోరు మీద మాట తేలడం, ఊరికే సౌండ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. ఒకసారి రెండో వరస అమ్మాయి "కాస్ అరవై అంటే అర కదా మేడమ్" అని మెల్లగా అడిగితే, బోర్డు వైపే తిరిగి ఉన్న నేను మళ్లీ అడిగించుకోకుండా అవునమ్మా అన్నాను. ఆ సంతోషం వేరు. నేను వినలేదని రెండుసార్లు చెప్పించుకున్నాక నోరెత్తడం మానేసిన పిల్లలు ఈ ఫోన్ వచ్చాక మళ్లీ అడగడం మొదలుపెట్టారు.

ఫోన్ పట్టుకోవడం మాత్రం నేర్పాలి. కింది అంచున ఉండే మైకుని వేలితో మూస్తే మాట బొంగురుగా వస్తుంది. నోటికి మరీ ఎదురుగా పెడితే ప, ఫ అన్నప్పుడల్లా ఊపిరి తగిలి టప్‌మంటుంది, అందుకని గడ్డం కింద పట్టుకోమంటాను. బెంచీ మీద ఠక్కున పెడితే ఆ దెబ్బ నేరుగా నా చెవిలో పడుతుంది, కింద మడిచిన చేతిగుడ్డ వేయించాను. "రికార్డ్ అవుతుందా మేడమ్" అని అడిగిన పిల్లలున్నారు. రికార్డు చేయడం లేదని, మైకు ఆన్‌లో ఉన్నంతసేపు స్క్రీన్ పైన నారింజ చుక్క కనిపిస్తుందని చూపించాను, తల్లిదండ్రులకూ ముందే చెప్పాను. ఎవరికీ చెప్పకుండా ఒక గదిలో ఫోన్ వదిలి ఇంకో గదిలో వినడం కూడా దీంతో కుదురుతుంది. అది తప్పు, అలా ఎవరూ వాడకూడదు.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన రోజు. బ్లూటూత్ వల్ల ఫోన్ నుంచి వచ్చే మాట క్షణంలో కొంత వంతు ఆలస్యంగా చెవికి చేరుతుంది. ట్రాన్స్‌పరెన్సీ ఆన్‌లో ఉంటే గదిలోంచి నేరుగా ఒకసారి, ఫోన్ నుంచి ఇంకోసారి, మాట రెండుగా వినపడి చెదిరిపోతుంది. అందుకని నాయిస్ క్యాన్సలేషన్ పెట్టుకుని ఫోన్ మాట ఒక్కటే వింటాను. ఆరోజు పరీక్ష ముందు రివిజన్, ఫోన్ వెనక వరసలో ఒక అబ్బాయి చేతిలో ఉంది. ఎవరిదో కాల్ వచ్చింది, వాడు మర్యాదగా కట్ చేసి తన సమాధానం మొదలుపెట్టాడు. కాల్‌తో లైవ్ లిజెన్ ఆగిపోయింది, కట్ చేశాక కూడా తిరిగి మొదలవలేదు. నాకు పెదవులు కదలడం కనిపిస్తోంది, మాట లేదు. నాయిస్ క్యాన్సలేషన్ వల్ల గది కూడా మూసుకుపోయి, ఏమీ పెట్టుకోనప్పటి కంటే తక్కువ వినపడుతోంది. గట్టిగా చెప్పు అంటే వాడు అరిచాడు, మిగతావాళ్లు నవ్వారు, వాడి మొహం చిన్నబోయింది. అది చూస్తే నాకు చాలా బాధేసింది.

అప్పటి నుంచి క్లాసుకి ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఆపి, బ్లూటూత్ మాత్రం ఉంచుతాను. వాట్సాప్ కాల్స్ వైఫై మీద కూడా వస్తాయి కాబట్టి అదీ ఆపాలి. లైవ్ లిజెన్ నడుస్తున్నంతసేపు చెవిలో గది తాలూకు సన్నటి సర్రుమనే శబ్దం ఉంటుంది. అది పోయిందంటే ఆగినట్టే, అప్పుడు పిల్లలను నారింజ చుక్క ఉందేమో చూడమంటాను. మా హాలు దాటి వంటింటి గోడ అడ్డం వచ్చినా మాట తెగుతుంది.

ఇంకో చిక్కు, నేను పాఠం చెప్తుంటే నా గొంతు కూడా ఆ ఫోన్‌లో పడి ఆలస్యంగా నా చెవికే వస్తుంది, మాట తడబడుతుంది. కాబట్టి పాఠం చెప్పేటప్పుడు ఆపేసి, ప్రశ్నల సమయంలోనే ఆన్ చేస్తున్నాను. రోజంతా పెట్టుకునే వస్తువైతే కాదు, నా పాత జతలో ఛార్జింగ్ ఇప్పుడు రెండు క్లాసులకే కష్టంగా వస్తోంది.

నాది ఒక మాదిరి లోపం, ఐఫోన్ ముందే ఉంది, వినేది ఒకే హాల్లో, ఫోన్ అందుకుని మాట్లాడే ఓపిక పిల్లలకుంది. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు డబ్బు దండగ అనిపించలేదు. లోపం బాగా ఎక్కువ ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. నాకూ వినికిడి యంత్రాలు పెట్టుకోమనే చెప్పారు, వచ్చే బ్యాచ్ మొదలయ్యేలోపు తీసుకుంటాను. లైవ్ లిజెన్ పనిచేసే రకమేనా అని చూశాకే కొంటాను.