పన్నెండేళ్లుగా చూస్తున్న ‘డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’: ఆ కార్ల జంపుల గురించి

అట్లాంటాలో ఉండే మా బావ పన్నెండేళ్ల కిందట సెలవులకి వస్తూ ఈ సీరియల్ డీవీడీల సెట్టు తెచ్చిచ్చాడు. 1979 నుంచి 1985 దాకా అమెరికాలో వచ్చిన సీరియల్ ఇది. ఏడు సీజన్లూ ఇప్పటికి మూడుసార్లు చూశాను. కథ దాదాపు ప్రతి వారం ఒకటే. వరసకి అన్నదమ్ములైన ఇద్దరు కుర్రాళ్లు, ‘జనరల్ లీ’ అని పేరు పెట్టుకున్న నారింజ రంగు 1969 డాడ్జ్ ఛార్జర్, వెనకాల తరుముకొచ్చే పోలీసులు, దారికి అడ్డంగా ఏ వాగో. నేను మాత్రం ఆ కారు గాల్లోకి లేచే క్షణం కోసమే చూస్తాను.

టైటిల్స్‌లో వచ్చే జంపే మొట్టమొదటిది. 1978 నవంబరు 11న జార్జియాలోని ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఆవరణలో తీశారు. స్టీరింగ్ దగ్గర ఉన్నది స్టంట్ డ్రైవర్ క్రెయిగ్ బాక్స్‌లీ. పోలీసు కారు మీదుగా సుమారు 16 అడుగుల ఎత్తున, 82 అడుగుల దూరం ఎగిరింది. చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ బండి ఎలా దిగిందో టైటిల్స్‌లో సరిగా కనబడదు. నిజానికి ముక్కు నేలకు కొట్టుకుని ముందు భాగం నలిగిపోయింది. ఆ కారు తర్వాత తుక్కు కొట్టుకు చేరింది.

ముక్కు ఎందుకు వాలుతుందో అర్థమయ్యాక నాకు ఈ సీరియల్ మరింత నచ్చింది. బరువైన ఇంజను ముందుంటుంది. ర్యాంపు అంచు దాటగానే ముందు చక్రాల కింద ఏమీ ఉండదు, వెనక చక్రాలు మాత్రం ఇంకా ర్యాంపు మీదే ఉంటాయి. ఆ కాసేపట్లోనే బండి ముందుకి తిరగడం మొదలవుతుంది. గాల్లోకి వెళ్లాక డ్రైవర్ చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకని డిక్కీలో ఇసుక బస్తాలో కాంక్రీటో వందల పౌన్ల బరువు నింపేవారు. దాంతో బండి కాస్త సమంగా ఎగిరేది. కానీ ఆ బరువంతా దిగేటప్పుడు కారు మీదే పడుతుంది. నేల తాకిన ఫ్రేము దగ్గర ఆపి చూడండి, ముందు చక్రాలు బాడీలోకి దూసుకుపోయి, బానెట్ పైకి ఉబ్బి ఉంటుంది. మరుక్షణం షాట్ మారి, నిగనిగలాడే ఇంకో కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోతుంది. చాలా కార్లు ఒక్క జంపుతోనే పనికిరాకుండా పోయేవి. ఏడు సీజన్లకీ కలిపి సుమారు 300 ఛార్జర్లు వాడారని అంచనా.

అన్ని కార్లు ఎక్కడ దొరుకుతాయి? ఆరో సీజన్ చివరికొచ్చేసరికి ఛార్జర్లు కరువై, ధర పెరిగి, ఎనిమిదో వంతు సైజు బొమ్మ కార్లతో జంపులు తీయడం మొదలుపెట్టారు. మొదటిసారి చూసినప్పుడు ఏదో తేడాగా ఉందనిపించింది గానీ, ఏమిటో పట్టుకోలేకపోయాను. రెండోసారి చూసేటప్పుడు కాగితం మీద లెక్క వేసుకున్నాను.

నిజం కారు 16 అడుగుల ఎత్తు నుంచి నేలకి రావడానికి ఒక సెకను పడుతుంది. బొమ్మ కారుకి అదే ఎత్తు రెండడుగులు. అక్కణ్నుంచి పడటానికి 0.35 సెకను చాలు. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తే టపీమని పడిపోతుంది, బొమ్మని ఇట్టే తెలిసిపోతుంది. సెకనుకి 68 ఫ్రేములతో తీసి, 24 చొప్పున చూపిస్తే ఆ 0.35 సెకను సరిగ్గా ఒక సెకనవుతుంది. అంటే 8కి వర్గమూలమెంతో అన్ని రెట్ల వేగంతో కెమెరా తిప్పాలి.

పడే వేగాన్ని అలా సరిచేసినా మట్టి దొరికిపోతుంది. మట్టి రేణువుల్ని ఎనిమిదో వంతుకి తగ్గించలేరు కదా. నిజం జంపులో దుమ్ము కారుని కప్పేసి, అది వెళ్లిపోయాక కూడా చాలాసేపు గాల్లో ఉంటుంది. బొమ్మ వెనక మట్టి బెడ్డలుగా లేచి, బెడ్డలుగానే పడుతుంది. దిగాక బాడీ ఎక్కడా వంగదు, లోపల తల ఊగదు. ఇవి తెలిశాక ఏడో సీజన్ చూస్తుంటే నాకు దిగులేసింది. ఆ బొమ్మలు చేసినవాళ్ల పనితనంలో లోపం లేదు, కానీ లోపల ఒక మనిషి ఉన్నాడన్న టెన్షన్ పోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కారు పైకప్పు మీదున్నది అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలబడ్డ దక్షిణాది సేనల జెండా. దానిపై రేగిన వివాదంతోనే 2015లో టీవీ ల్యాండ్ ఛానెల్ పునఃప్రసారాలు ఆపేసింది. జంపుల మీద నాకెంత ప్రేమున్నా, ఆ జెండా కనబడ్డప్పుడల్లా మనసుకి గుచ్చుకుంటుంది. పిల్లలతో చూసేవాళ్లు దాని గురించి ముందే చెప్పి చూపించడం మంచిది.

కొనేవాళ్లకి నా మాట: సెట్టంతా అక్కర్లేదు, మొదటి రెండు సీజన్లు చాలు. జార్జియాలో తీసిన మొదటి ఐదు ఎపిసోడ్లలో రోడ్లు, ఎర్రమట్టి, చెట్లు అన్నీ అక్కడివే. తర్వాత షూటింగు కాలిఫోర్నియాకి మారింది. రెండో సీజన్ నుంచే పాత జంపుల్ని అక్కడక్కడా మళ్లీ వాడారు, కాబట్టి చూసిందే చూస్తున్నామా అనిపిస్తే అది మీ భ్రమ కాదు. ఐదుకి నాలుగు మార్కులిస్తాను, ఏడో సీజన్‌కి మాత్రం రెండే.