విశ్లేషణ ప్రణాళిక ఖరారు: తెర తీయక ముందా, తీశాకా?

రక్తపోటు మందు మీద ఒక ట్రయల్‌ను ఊహించుకుందాం. మొత్తం 400 మంది. యాదృచ్ఛికంగా సగం మందికి మందు, సగం మందికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది ఇచ్చారో చివరిదాకా తెర వెనకే ఉంటుంది; దాన్ని బయటపెట్టడమే తెర తీయడం. 12 వారాలకు పై రక్తపోటు ఎంత తగ్గిందన్నది ప్రధాన ఫలితం. అయితే 42 మంది మధ్యలోనే మానేశారు, వారి చివరి కొలత లేదు. వారిని లెక్కలో ఏం చేయాలి?

వదిలేయవచ్చు. ఆఖరుసారి కొలిచిన అంకెను వాడవచ్చు. మొదటి రోజు అంకెనే చివరిదిగా తీసుకుని, ఏ మేలూ జరగలేదని లెక్కించవచ్చు. వీటికి తోడు, మొదటి రోజు రక్తపోటును బట్టి సర్దుబాటు చేయాలా వద్దా, అనుమానాస్పదమైన కొలతలను ఉంచాలా తీసేయాలా అనే ప్రశ్నలూ ఉన్నాయి. మూడును రెండుతో, మళ్లీ రెండుతో గుణిస్తే 12 దారులు. ఏ దారిలో వెళ్లాలో రాసిపెట్టేదే విశ్లేషణ ప్రణాళిక.

ఇప్పుడు తెర తీశాక దారి ఎంచుకున్నామనుకోండి. మానేసినవారిలో 30 మంది మందు తీసుకున్నవారే, 12 మంది ప్లాసిబోవారు అని తెలిసిపోతుంది. దుష్ప్రభావాలకు తాళలేక వెళ్లినవారిని వదిలేస్తే మందు మెరుగ్గా కనిపిస్తుంది. మొదటి అంకె వాడితే ఆ మెరుపు తగ్గుతుంది. విశ్లేషకుడు మోసగాడు కానక్కర్లేదు. ప్రతి దారికీ ఒక సబబైన కారణం దొరుకుతుంది, అసలు ఇబ్బంది అదే. నచ్చిన ఫలితం ఇచ్చిన దారే సరైనదని మనసు తానే ఒప్పించుకుంటుంది. పన్నెండింటిలో మెరుగైనదాన్ని ఏరుకుంటే, పనిచేయని మందును పనిచేస్తుందని పొరబడే అవకాశం మామూలుగా పెట్టుకునే 5 శాతం హద్దు దగ్గర ఆగదు.

అలాగని తొలిరోజే ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ఎలా నడపాలో చెప్పే పత్రంలో, అన్నీ రాసేయడం మేలా? ప్రధాన ఫలితం, ప్రధాన పరీక్ష అక్కడే ఉండి తీరాలి. కానీ ఎందరు మానేస్తారో, ఏ కొలతలు చెడతాయో అప్పుడు తెలియదు. అందుకే మందుల ట్రయల్స్‌కు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే ఐసీహెచ్ సంస్థ 1998 నాటి ఈ9 మార్గదర్శకం ‘బ్లైండ్ రివ్యూ’కు చోటిచ్చింది. సమాచారమంతా చేరాక, ఎవరు ఏ గుంపో తెలియకుండానే దాన్ని పరిశీలిస్తారు. 42 మంది మానేశారని కనిపిస్తుంది, 30–12 చీలిక కనిపించదు. ఆ స్థితిలో తీసుకున్న నిర్ణయానికి ఫలితం ఎటు మొగ్గుతుందో తెలిసే వీల్లేదు.

నా ఓటు దీనికే: ముఖ్యాంశాలు ప్రోటోకాల్‌లో, వివరాలు బ్లైండ్ రివ్యూలో, ఆపై సంతకం, తేదీ, ఆ తర్వాతే తెర తీయడం. అయితే దీనికీ ఒక లొసుగుంది. మందు పొడి దగ్గు తెప్పించే రకమైతే, దగ్గిన రోగి ఏ గుంపో ఊహించవచ్చు. కాబట్టి ప్రణాళిక ఖరారు చేసేవారికి దుష్ప్రభావాల పట్టికను రోగివారీగా చూపకపోవడం మంచిది.

తెర తీశాక కొత్త ఆలోచన వస్తే దాన్ని లెక్కించడం నిషిద్ధమేమీ కాదు. నివేదికలో ‘ముందుగా అనుకోనిది’ అని రాసి, కారణం చెప్పి, ప్రధాన ఫలితానికి దూరంగా పెట్టాలి. చదివేవారు చూడవలసినవి రెండు తేదీలు: ప్రణాళిక తుది ప్రతి మీద ఉన్నది, తెర తీసిన నమోదులో ఉన్నది. మొదటిది రెండోదాని తర్వాత పడితే, ఆ 42 మంది సంగతి ఎలా తేల్చారో అడగాలి.