ఎం-టెస్టా, శేషం అంచనానా: [0, 1] మీద ఏది మేలు?

పర్లాకిమిడిలో మా అరుగు మీద సాయంత్రాలు లెక్కలకు కూర్చునే బీఎస్సీ పిల్లల్లో కొందరు ఈ ఊరివాళ్లు, కొందరు సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వస్తారు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అందుకే యూనిఫాం కన్వర్జెన్స్ నిర్వచనాన్ని ముందు మాటల్లో చెబుతాను. శ్రేణిలో మొదటి N పదాలు కూడాక మిగిలేది శేషం. అంతరంలో ఏ x దగ్గర చూసినా ఆ శేషం ఒకే హద్దుకు లోబడాలి, N పెరిగేకొద్దీ ఆ హద్దు సున్నాకు పోవాలి.

రుజువుకు మా పిల్లలు వాడే దారులు రెండు. ఒకటి వైయర్‌స్ట్రాస్ ఎం-టెస్టు: ప్రతి x కీ |fₙ(x)| ≤ Mₙ అయ్యే సంఖ్యలు వెతికి, ΣMₙ అభిసరిస్తుందని చూపడం. రెండోది శేషాన్నే నేరుగా అంచనా కట్టడం. ఏది మేలో చూడడానికి పోలికలున్న మూడు శ్రేణులు తీసుకుంటాను. మూడూ [0, 1] మీదే, n = 0 నుంచి మొదలు.

మొదటిది Σ xⁿ(1−x)². అవకలనం చేస్తే పదం గరిష్ఠమయ్యే చోటు x = n/(n+2). అక్కడ (1−x)² విలువ 4/(n+2)², xⁿ ఎలాగూ 1 దాటదు. కాబట్టి Mₙ = 4/(n+2)². ΣMₙ అభిసరిస్తుంది, రుజువు అయిపోయింది. నేరుగా వెళ్లినా ఇబ్బంది లేదు. ఇది గుణశ్రేణి కనుక మొత్తం 1−x, శేషం xᴺ(1−x). N = 100 అయితే ఈ శేషం ఎక్కడా 0.0037 దాటదు. మన Mₙలు కూడితే వచ్చే హద్దు సుమారు 0.04, అంటే పదిరెట్లు వదులు. అయినా నేను ఎం-టెస్టుకే ఓటేస్తాను, ఎందుకంటే దానికి మొత్తం తెలియనక్కర్లేదు. Σ cos(nx)/n³ లాంటి దానికి శేషాన్ని సూత్రంగా రాయడం ఎక్కడ? Mₙ = 1/n³ అంటే ఒక్క గీతలో తేలిపోతుంది.

రెండోది Σ xⁿ(1−x). ఇక్కడే ఏటా ఒకే తప్పు చూస్తాను. "మేస్టారూ, xⁿ(1−x) ≤ xⁿ కదా, Σxⁿ గుణశ్రేణి కదా, అయిపోయింది!" అని మొన్న ఒక అమ్మాయి సంబరంగా చూపింది. "Mₙలో x ఉందా, లేదా చూడమ్మా," అన్నాను. x ఉంటే అది సంఖ్య కాదు, టెస్టు మొదలే కాలేదు. [0, a] మీద, a < 1 అయితే, Mₙ = aⁿ చెల్లుతుంది. కానీ "ప్రతి a కీ చెల్లింది, కాబట్టి [0, 1) మీదా చెల్లుతుంది" అనకూడదు. x < 1 దగ్గర శేషం xᴺ. x = 1 − 1/N పెడితే అది 1/e, అంటే 0.37 దగ్గరే నిలబడుతుంది, ఎంత N తీసుకున్నా సున్నాకు పోదు. మొత్తం కూడా x < 1 అయితే 1, x = 1 దగ్గర 0. పదాలన్నీ అవిచ్ఛిన్నం, మొత్తంలో మాత్రం తెగు. 1821లో కోషీ ఇలాంటిది జరగదన్నాడు, 1826లో ఆబెల్ సైన్ శ్రేణితో జరుగుతుందని చూపాడు.

మూడోది Σ (−1)ⁿxⁿ(1−x). నాకు బాగా ఇష్టమైనది ఇదే. పరమ మూల్యాలు రెండోదానివే, కనుక ఎం-టెస్టు ఈ రెండింటికీ తేడా కనిపెట్టలేదు. పదం గరిష్ఠం x = n/(n+1) దగ్గర, సుమారు 1/(en). Mₙ ఏదైనా దీనికంటే తక్కువ కాకూడదు, Σ1/n అపసరిస్తుంది. ఇక ఎంత తెలివిగా వెతికినా Mₙ దొరకదు. ఆ మాట తెలిస్తే పిల్లలు గంటసేపు కాగితాలు ఖరాబు చేయరు.

అయినా ఈ శ్రేణి ఏకరూపంగానే అభిసరిస్తుంది. గుర్తులు మారుతూ పోతే పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం (1−x)/(1+x), శేషం పరిమాణం xᴺ(1−x)/(1+x). హారం 1కి తగ్గదు, కాబట్టి శేషం xᴺ(1−x) దాటదు. అది గరిష్ఠమయ్యే x = N/(N+1) దగ్గర 1−x విలువ 1/(N+1). అంటే [0, 1]లో ఏ x దగ్గరైనా శేషం ≤ 1/(N+1).

అందుకే పిల్లలకు నేను చెప్పే వరస ఇది: ముందు పదం గరిష్ఠాన్ని కనుక్కో, వాటిని కూడు. అభిసరిస్తే ఎం-టెస్టుతో ముగించు. అపసరిస్తే "ఏకరూపం కాదు" అని రాయకు, శేషం దగ్గరికి వెళ్లు. ఆ అమ్మాయి రెండోసారి మూడో శ్రేణికి పేజీ మార్జిన్‌లో 1/(N+1) మాత్రమే రాసుకొచ్చింది, పూర్తి మార్కులు వేశాను.