పాత 7 శాతం బాండా, కొత్త 8 శాతం బాండా?

రెండూ ప్రభుత్వ బాండ్లే. ముఖవిలువ 1,000 రూపాయలు, గడువు ఇంకో 5 ఏళ్లు. పాతది ఏటా 70 ఇస్తుంది. రేట్లు పెరిగాక వచ్చిన కొత్తది 80 ఇస్తుంది. (నిజానికి వడ్డీ ఆర్నెల్లకోసారి వస్తుంది, లెక్క తేలికకు ఏడాదికోసారి అనుకుందాం.) ఇక పాతదాన్ని వెయ్యి పెట్టి ఎవరు కొంటారు? అందుకే దాని ధర సుమారు 960కి దిగుతుంది.

960కి కొన్నవాళ్లకు వడ్డీ రూపంలో దక్కేది 7.3 శాతమే. కానీ గడువు తీరిన రోజు పూర్తి 1,000 చేతికొస్తుంది. ఆ 40 లాభాన్నీ కలిపి, ఏ డబ్బు ఎప్పుడొస్తుందో చూసి లెక్కేస్తే ఏడాదికి 8 శాతం తేలుతుంది. యీల్డ్ టు మెచ్యూరిటీ అంటే ఇదే.

రాబడిలో తేడా లేదు కాబట్టి, ఏటా ఖర్చులకు డబ్బు కావాలంటే నేనైతే కొత్తదే కొంటాను. ఏదైనా మధ్యలో అమ్మితే మాత్రం ఆ 8కి హామీ లేదు, ఆ రోజు మార్కెట్ ధరే గతి.